తోటబండి పరశురాం రెజ్యూమే

మొదటి పేజీ సగం దాకా చదివేసరికి ప్రణీత కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టేసింది. ఆమె నల్లగొండ శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్లేస్‌మెంట్ ఆఫీసర్. ఏడాదికి ఎన్ని వందల రెజ్యూమేలు చదువుతుందో ఆమెకే తెలియదు, పిల్లల్ని ఏడిపించి మరీ తిరగరాయిస్తుందని కాలేజీ అంతా పేరు. ఎదురుగా కూర్చున్న పరశురాం అదే కాలేజీలో చదువుకున్న రోజుల్లో ఆమెకు సీనియర్. సెలవుల్లో ఖాళీగా ఉన్న ప్లేస్‌మెంట్ గదిలో ఫ్యాను కిందికి కుర్చీ జరుపుకొని, పరీక్ష పేపరు ఇచ్చి మార్కుల కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు.

"అన్నా, ఇది రెజ్యూమే లెక్క లేదు. బోనాల ఫ్లెక్సీ లెక్కుంది," అంది ప్రణీత. "అందరి ఫొటోలున్నయ్. నీదే లేదు."

నిజమే. నాలుగేళ్లు నడిపిన కంపెనీ గురించి అతను రాసుకున్నదంతా ఎవరో ఒకరి పేరుతోనే మొదలవుతోంది. రైతు రాంచందర్ సహకారంతో, గోపమ్మ బృందం కృషితో, డ్రైవర్ జానీ సమయపాలనతో... అలా పేజీ పొడుగునా. చివర్న భార్య రూపకు కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. పరశురాం అనే మనిషి అక్కడ ఏం చేశాడో వెతికితే, జూమ్ చేసి చూసినా దొరకడు.

అతని కంపెనీ పేరు తోటబండి. దేవరకొండ చుట్టుపక్కల తోటల్లో కాసే బత్తాయిని నేరుగా హైదరాబాద్ జ్యూస్ షాపులకు చేర్చేది. రాష్ట్రం వచ్చాక ఎటు చూసినా స్టార్టప్ స్టార్టప్ అంటున్న రోజుల్లో, లాజిస్టిక్స్ కంపెనీలో మంచి ఉద్యోగం వదిలేసి మరీ మొదలుపెట్టాడు. బండ్లు తిరిగాయి, కాయ అమ్ముడుపోయింది, పేపర్లో ఫొటో కూడా పడింది. కానీ పెద్దది కావాలంటే చల్లటి గోదాములు కావాలి, వాటికి పెట్టుబడి కావాలి, అది రాలేదు. పోయినేడు కాత అయిపోగానే తలుపులు మూసేశాడు. దేవరకొండ ప్రభుత్వ దవాఖానలో నర్సుగా రూప జీతం వస్తోంది కాబట్టి ఇల్లు నడుస్తోంది.

తర్వాత ఉద్యోగాల వేట. మొదటి రెజ్యూమేలో పైన పెద్ద అక్షరాలతో ఫౌండర్ అండ్ సీఈఓ అని, కింద మార్కెట్‌నే మార్చేస్తామన్న కల గురించి మూడు పేరాలు. రెండు చోట్లకు పంపితే రెండు చోట్లా మర్యాదగానే వద్దన్నారు. ఒక హెచ్‌ఆర్ అమ్మాయి మాత్రం ఫోన్‌లో విషయం చెప్పేసింది, మీరు ఓనర్ కదా సార్, మా దగ్గర ఎన్నాళ్లుంటారు, మా మేనేజర్ చెప్పిన మాట వింటారా అని. ఆ మాట అతనికి గుచ్చుకుంది. ఓనర్ అన్న వాసన కూడా తగలకూడదని తనను తాను తీసేసుకుంటూ రెండో రెజ్యూమే రాశాడు. రాస్తుంటే ఒకందుకు మనసు తేలికైంది కూడా, ఎందుకంటే అందులో ఉన్న మనుషులంటే అతనికి నిజంగా అంత ప్రేమ.

ఇప్పుడు మూడో అవకాశం వచ్చింది. జడ్చర్ల దగ్గర పండ్ల గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కాయ సేకరణకు మేనేజర్ కావాలన్నారు. బత్తాయి, మామిడి, రైతులు, బండ్లు, అతనికి తెలిసిందంతా అక్కడే ఉంది. ఇది కూడా పోతే ఇక మిగిలింది హైదరాబాద్‌లో ఏ ఆఫీసులోనో స్క్రీన్ ముందు కూర్చోవడమే, తోటల ముఖం మళ్లీ చూసేది ఉండదు. రెజ్యూమే పంపడానికి రేపు సాయంత్రం దాకానే గడువు.

మరి ఫౌండర్ అన్నది తీసేసి ఆపరేషన్స్ మేనేజర్ అని పెట్టుకోనా అని అడిగాడు పరశురాం. ప్రణీత తల అడ్డంగా ఊపింది. కంపెనీ రిజిస్ట్రేషన్‌లో డైరెక్టర్‌గా అతని పేరు ఉంటుంది, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు, చేర్చుకునే ముందు చూస్తారు కూడా. అప్పుడు పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, నమ్మకం కూడా. ఫౌండర్ అనే రాయాలి, కానీ దాని పక్కనే ఏం పని చేశాడో రాయాలి. ఫౌండర్, కాయ సేకరణ మరియు ఆపరేషన్స్. సీఈఓ అన్న మాట అక్కర్లేదు, పది మంది ఉన్న కంపెనీలో ఆ మాట చదివే వాళ్లకు నవ్వు తెప్పిస్తుంది.

తర్వాత ఆమె ఒక తెల్లకాగితం తీసుకొని మధ్యలో నిలువుగా గీత గీసింది. ఎడమ వైపు అతను కృతజ్ఞతలు చెప్పుకున్న పేర్లన్నీ వరుసగా రాసింది. కుడి వైపు ఖాళీ.

"ఈ పేర్లు మంచిగనే ఉన్నయ్ అన్నా, తీసేయను. ఒక్కొక్కరి గురించి ఒక్కటే అడుగుత. వాళ్లు నీకు చేసింది కాదు, వాళ్లు గది చెయ్యాలంటే నువ్వేం చేసినవో చెప్పు."

రాంచందర్‌తో మొదలుపెట్టారు. కొత్త కంపెనీని నమ్మి మొదట కాయ ఇచ్చిన రైతు ఆయన. ఆయన్ని చూసి మిగతావాళ్లు వచ్చారు, అంతా ఆయన చలవే అన్నాడు పరశురాం. మరి ఆయన ఎందుకు నమ్మాడు అంది ప్రణీత. పరశురాం ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాడు. కాయ కొనేది లేని రోజుల్లో కూడా వారానికోసారి తోటకు పోయేవాడు, చెట్లకు తెగులు కనబడితే ఫొటోలు తీసి తెలిసినవాళ్లకు పంపేవాడు, ధర ముందు రోజే చెప్పి కాంటా దగ్గర ఎప్పుడూ మార్చలేదు. చెబుతూ చెబుతూ అదేం పెద్ద విషయం అన్నట్టు భుజాలెగరేశాడు. ప్రణీత మాత్రం కుడి వైపు గబగబా రాసేసుకుంటోంది. రైతులతో కొనుగోలు సంబంధాలను మొదటి నుంచి నిర్మించారు, ముందే ధర చెప్పే పద్ధతి పెట్టారు. ఎంతమంది రైతులు అని అడిగింది. చివరి ఏడాది రెండు వందల మంది దాకా అన్నాడు.

జానీ దగ్గరా అంతే. బండి ఎప్పుడూ ఆలస్యం కాలేదు, జానీ గొప్ప డ్రైవర్ అన్నాడు పరశురాం. తవ్వితే తేలిందేమిటంటే, మధ్యాహ్నం ఎండలో కాయ నింపితే దారిలోనే ఉడికిపోతోందని గమనించి, లోడింగ్‌ను పొద్దుగూకే వేళకు మార్చింది పరశురామే, షాపులు తెరిచే వేళల్ని బట్టి ఏది ముందు ఏది తర్వాత అని దారి వేసింది పరశురామే. చెడిపోయే కాయ వందకు పన్నెండు నుంచి నాలుగుకు తగ్గిందన్నాడు. నాలుగేనా, కాగితం మీద చూపించగలవా అని ప్రణీత అడిగితే ఫోన్‌లో పాత లెక్కలు తీసి చూశాడు. అయిదు. అయిదే రాసింది. వాళ్లు ఇదే అడుగుతారన్నా, నాలుగని రాసి అయిదని దొరికితే మిగతా పేజీ అంతా అనుమానమే అని చెప్పింది.

ఇక గోపమ్మ. ఆమె దేవరకొండ పక్కన ఊళ్లో తోటల్లో కాయ తెంపే కూలి. తోటబండికి కాయ ఏరే ఆడవాళ్ల జట్టుకు పెద్ద. కాయ సైజు దగ్గర రైతుకూ షాపువాళ్లకూ రోజూ గొడవే, ఇది పెద్దది అంటే కాదు మధ్యరకం అని. ఆ గొడవ గాజులతో తెగింది. గాజుల దుకాణంలో రకరకాల సైజుల లోహపు గాజులు కొని కాయ ఏరే ప్రతి చోటా తాడుకు వేలాడదీశారు. ఈ గాజులోంచి కాయ దూరిపోతే చిన్నది, దూరకపోతే పెద్దది, ఇక వాదనే లేదు. షాపుల్లో కూడా అవే గాజులు ఇచ్చారు. దాంతో ఫిర్యాదులు ఆగిపోయాయి.

ఇది మాత్రం పూర్తిగా గోపమ్మ తెలివే, దీన్ని నా పేరు మీద రాయొద్దు అన్నాడు పరశురాం ఖరాఖండిగా. ప్రణీత వాదించలేదు. రిఫరెన్సుగా గోపమ్మ నంబరు పెడదాం, ఓనర్‌గా ఉన్నవాడికి పైవాడి నంబరు ఇచ్చే వీలు లేదు కాబట్టి కిందివాళ్లవీ కొనేవాళ్లవీ ఇవ్వాలి, కానీ అడక్కుండా ఎవరి నంబరూ పెట్టకూడదు, ముందు ఫోన్ చెయ్యి అంది. పరశురాం ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. అవతల మేకల అరుపులు, ఎవరో పిల్లల్ని కసురుకుంటున్న గొంతు, ఆ తర్వాత గోపమ్మ.

విషయం చెప్పాడు. ఉద్యోగం కోసం ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేస్తారు పెద్దమ్మా, గాజుల ముచ్చట నీదే అని చెబుతున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నాడు.

"నాదెట్లయితది బిడ్డా?" అంది గోపమ్మ. "గాజులు తెచ్చినోనివి నువ్వు. నేను నా చెయ్యి చూపెట్టి, గీ సైజు గాజులనుంచి దూరకుంటె పెద్దకాయ అన్న, అంతే. నవ్వులాటకన్న. నువ్వు నిజమనుకొని తెల్లారి సంచెడు గాజులు తెస్తివి. మేమందరం నీకు పిచ్చిలేసిందనుకున్నం."

ప్రణీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వు ఆపుకుంటోంది. గోపమ్మ ఆగలేదు. ఆ కంపెనీ వాళ్లను ఫోన్ చెయ్యమను, పని నేర్పినోడు ఎవరంటే ఎవరి పేరు చెప్పాలో నాకు తెలుసు, కోపమొస్తే అరవడు గాని మూతి ముడుచుకుంటడు, అది గూడ చెప్తా అంది. అది చెప్పకు పెద్దమ్మా అన్నాడు పరశురాం. చెప్తా అంది గోపమ్మ.

ఫోన్ పెట్టేశాక అతను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. తన జ్ఞాపకంలో ఆ పని మొత్తం ఆమెదే. ఏళ్లుగా అందరికీ అలాగే చెబుతున్నాడు, అబద్ధమని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇప్పుడు ఆమె తిరిగి ఇచ్చేసింది, అదీ అంత మామూలుగా, పక్కింటివాళ్ల గిన్నె తిరిగి ఇచ్చినట్టు. కళ్లు చెమ్మగిల్లాయి గానీ ప్రణీత ముందు కదా, ఫ్యాను గాలి అన్నట్టు రుద్దుకున్నాడు.

"మాట ఆమెది, పని నీది. రెండూ రాద్దాం," అంది ప్రణీత. "కూలోళ్లు నవ్వులాటకన్న మాటను పట్టుకొని, చేసి చూసి, అన్ని జాగల పెట్టినవు. వినుడు గూడ పనే అన్నా. దానికే జీతమిస్తరు."

అలా రాసింది. ఏరే బృందం సూచన నుంచి సైజు కొలిచే సులువైన పద్ధతిని రూపొందించి, అన్ని కేంద్రాల్లో, కొనేవాళ్ల దగ్గర అమలు చేశారు.

చాయ్ తెప్పించుకున్నారు. ఆమె ఇంకో ప్రశ్న దాచిపెట్టుకుంది, ఇప్పుడు అడిగింది. కంపెనీ మూసేసిన సంగతి రెజ్యూమేలో ఎక్కడుంది? లేదు. తేదీలు ఉన్నాయి గానీ ఆ ముచ్చట లేదు. పరశురాం గ్లాసులోకి చూస్తూ, అందులో రాసుకునేది ఏముంది అన్నాడు. ఎలా మూశావు అని అడిగింది. అతను గ్లాసు కింద పెట్టి చెప్పాడు. పెట్టుబడి రాదని కాత మొదట్లోనే తెలిసిపోయింది. అప్పుడే ఆపేయొచ్చు. కానీ రైతులంతా ఈ ఏడాది కాయ తోటబండికే అని మాట ఇచ్చి ఉన్నారు, మధ్యలో వదిలేస్తే చెట్టు మీదే పండి రాలిపోతుంది. అందుకని ముందే అందరికీ చెప్పి, చివరి కాయ దిగేదాకా బండ్లు నడిపాడు. షాపులకు వేరే సరఫరాదారుల్ని చూపించాడు. జానీ ఇప్పుడు నడుపుతున్న పాల వ్యాన్ ఉద్యోగం కూడా అతను మాట్లాడిందే.

ప్రణీత పెన్ను పక్కన పెట్టేసింది. ఇదే అన్నా ముందు కనబడాల్సింది అంది. మొదలుపెట్టేవాళ్లు బోలెడుమంది, ముగించడం తెలిసినవాళ్లు తక్కువ, ఏ కంపెనీ అయినా అలాంటివాడికి సీజన్ అప్పజెప్పడానికి భయపడదు. ఒక్క వాక్యం, ఏడుపు వద్దు, గొప్ప వద్దు. పెట్టుబడి లేక సంస్థను మూసివేశారు, ముందుగా తెలియజేసి, సీజన్ పూర్తయ్యేదాకా సేకరణ కొనసాగించారు.

చివరిది, పేజీలో అన్నిటికన్నా పైన ఉండే రెండు వాక్యాలు, మళ్లీ ఉద్యోగం ఎందుకు అన్నది. పరశురాం ముందు పెద్ద పెద్ద మాటలు చెప్పాడు, సంస్థాగత అనుభవం, ఎదుగుదల అంటూ. ప్రణీత రాయకుండా చేతులు కట్టుకుంది. నిజం చెప్పన్నా అంది.

"నాకు తోటలకాడ తిరుగుడు ఇష్టం," అన్నాడు. "కాయ చూసుడు, రైతుతోని మాట్లాడుడు, బండి టైముకు పంపుడు, గది నా పని. పెట్టుబడి కోసం సూటేసుకొని హోటళ్లల్ల కూసునుడు నాతోని కాలే. గా పని ఇంకెవరన్న చూసుకుంటే, నేను తోటకాడుంట."

అదే రాశారు, కొంచెం ఇస్త్రీ చేసి. పొద్దు వాలేసరికి రెండు పేజీల రెజ్యూమే తయారైంది. పేర్లేవీ లేవు, చివర రిఫరెన్సుల్లో తప్ప. కానీ చదువుతుంటే పరశురాంకు ప్రతి వాక్యం వెనకా ఒక మనిషి నిలబడి కనిపిస్తున్నాడు. ఆ రాత్రి గడువుకు ఒక రోజు ముందే పంపేశాడు. వారం తిరక్కుండా పిలుపు వచ్చింది.

దేవరకొండలో పొద్దున్నే బస్సెక్కి కల్వకుర్తిలో మారి జడ్చర్ల చేరేసరికి చొక్కా నలిగిపోయింది. ఫ్యాక్టరీ గేటు దగ్గరే మామిడి గుజ్జు వాసన. ఇంటర్వ్యూ చేసింది సేకరణ విభాగం పెద్ద, కమలాకర్ అనే యాభై దాటిన మనిషి. సొంతూరు కొల్లాపూర్, ఇంట్లో మామిడి తోటలున్నాయట, గోళ్ల సందుల్లో మామిడి సొన మరకలు ఇంకా ఉన్నాయి. రెజ్యూమే మీద అప్పటికే పెన్సిల్ గీతలు గీసి పెట్టుకున్నాడు.

మొదటి ప్రశ్నే గాజుల మీద. ఇది నువ్వు చేసిందా, నీ మనుషులు చేసిందా అన్నాడు. పరశురాం ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు. మాట గోపమ్మది, గాజులు కొన్నది నేను, ఏ సైజు అని తేల్చింది ఇద్దరం కాయలు ముందేసుకొని, షాపువాళ్లను ఒప్పించింది నేను అన్నాడు. కమలాకర్ పెన్సిల్ కింది గీతకు జరిగింది. లోడింగ్ వేళ మార్చింది ఎవరు? నేను, కానీ సాయంత్రం బండి నడపడానికి జానీ ఒప్పుకోకపోతే అయ్యేది కాదు, అతనికి వారంలో ఒక పూట సెలవు ఇచ్చి ఒప్పించాను. ప్రతి గీత దగ్గరా ఇదే ప్రశ్న, ప్రతి దగ్గరా ఇదే తీరు జవాబు. ఎవరి పని ఎంతో విడదీసి చెప్పగలగడం చూసి కమలాకర్ పెన్సిల్ పక్కన పెట్టాడు.

"చానా మంది కాగితం మీద నేను, నేను అని రాస్తరు," అన్నాడు. "జర లోపలికి అడిగితే మాట రాదు. సరే గాని, అసలు ముచ్చటకొస్త. నాలుగేండ్లు నీ ఇష్టమున్నట్టు నడిపినవ్. రేపు ఈడ నువ్వొకటంటవ్, నేను వద్దంట. అప్పుడేం చేస్తవ్?"

రెండు ఉద్యోగాలు ఈ అనుమానం దగ్గరే పోయాయి. ఈ ప్రశ్నకు ప్రణీత కూడా జవాబు రాసివ్వలేదు, అది నీ నోటి నుంచే రావాలి అంది.

"నాకు నా ఇష్టమున్నట్టు ఏడ నడిచింది సార్," అన్నాడు మెల్లగా. "కాయ పచ్చిగుందని రాంచందర్ తెంపనియ్యకపోతే ఆగిన. రూటు బాగలేదని జానీ అంటే మార్చిన. షాపాయన వద్దంటే బండి తిప్పుకొచ్చిన. ఎందుకు వద్దంటున్నరో అడుగుత సార్. అడిగినంక మీ మాటే."

కమలాకర్ రెజ్యూమే మడిచి ఫైల్లో పెట్టాడు. మామిడి సీజన్‌లో రాత్రిళ్లు లారీలు వస్తాయి, కుదురుతుందా అని అడిగాడు, కుదురుతుందన్నాడు. ఫోన్ చేస్తామన్నాడు. తిరిగి బస్సెక్కాక పరశురాంకు తాను చెప్పిన జవాబు సరైందో కాదో అర్థం కాలేదు. తగ్గి మాట్లాడానా అనిపించింది ఒకసారి, ఎక్కువ మాట్లాడానా అనిపించింది ఇంకోసారి.

మూడో రోజు ఫోన్ వచ్చింది. కమలాకరే చేశాడు. రిఫరెన్సులతో మాట్లాడానన్నాడు. జ్యూస్ షాపు ఓనర్ రెండు మాటలు చెప్పి పెట్టేశాడట గానీ గోపమ్మ మాత్రం వదల్లేదట, ఈ మనిషిని తీసుకుంటే తమ జట్టుకు కూడా పని దొరుకుతుందా అని ఎదురు బేరం పెట్టిందట. మూతి ముడుచుకునే ముచ్చట కూడా చెప్పింది అని నవ్వాడు. మొదటి ఆరు నెలలు అసిస్టెంట్ మేనేజర్ అనే హోదా, తర్వాత పని చూసి మేనేజర్, దేవరకొండ, అచ్చంపేట వైపు కొత్త రైతుల్ని తెచ్చే బాధ్యత మొత్తం అతనిదే, ఒప్పుకుంటావా అన్నాడు. పరశురాం ఒప్పుకున్నాడు. ఆ అసిస్టెంట్ అన్న మాట గుచ్చుకోనందుకు తనకే వింతగా అనిపించింది. సాయంత్రం ఆఫర్ లెటర్ వచ్చింది. అందులో ఎవరికి రిపోర్ట్ చెయ్యాలి అన్నచోట కమలాకర్ పేరు చూసి, ఇన్నేళ్లకు తన పైన ఒకరున్నారని, లారీ రాకపోతే తనతో పాటు ఇంకొకరు కూడా పరేషాన్ అవుతారని, ఛాతీ మీంచి ఏదో బరువు దిగినట్టైంది.

ముందు గోపమ్మకు చేశాడు, జట్టు సంగతి అడుగుతానని మాటిచ్చాడు. తర్వాత ప్రణీతకు. ఆమె కాలేజీలో ఎవరినో తిడుతూ మధ్యలో ఫోన్ ఎత్తింది, విని, నువ్వు ఆ రోజు ఆ రెజ్యూమే తేకపోతే నేను నీకు నేర్పేది ఏముంది అన్నా, పేర్లన్నీ నువ్వే తెచ్చావు అంది. వీళ్లందరూ ఇచ్చింది తిరిగి ఇచ్చేస్తారేమిటి అనుకున్నాడు పరశురాం, నవ్వుకుంటూ.

రూప డ్యూటీ దిగి ఇంటికి వచ్చింది. చెప్పాడు. ఆమె చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే నిలబడి మొత్తం విని, ఆఫర్ లెటర్ ఫోన్‌లో పైనుంచి కిందిదాకా చదివింది. తోటబండి నడిచిన నాలుగేళ్లలో ఒక్క ఆదివారం కూడా అతను ఇంట్లో లేడు, ఆమె ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు.

"ఆయితారం సెలవుంటదా?" అని అడిగింది.

అతనికి తెలియదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ఫోన్ తీసుకొని కమలాకర్ నంబరు మీద వేలు పెట్టి ఆగాడు, చేరకముందే సెలవు అడిగితే ఏమనుకుంటాడో అని. రూప అలాగే చూస్తోంది. నొక్కేశాడు.

"సార్, నమస్తే. పరశురాంని. ఒకటడగాలె సార్," అన్నాడు, కుర్చీలోంచి లేచి నిలబడుతూ.